కడుగునీళ్లలో ఇనుము

లాబులో అందరూ ఆమెను సీసాలమ్మ అనేవారు. ఆమె పట్టించుకునేది కాదు. ఇరవై ఏళ్ల కిందట ఆ విశ్వవిద్యాలయం నీటి పరీక్షల లాబులో సీసాలు కడగడానికే చేరింది మరి! కడుగుతూనే డిగ్రీ, పీజీ గట్టెక్కింది, లాబ్ అసిస్టెంటయింది, నలభయ్యో ఏట అక్కడే పీహెచ్‌డీకి నమోదైంది. "అమ్మా, నాకంటే నీకే పరీక్షలెక్కువ" అని కూతురు ఏడిపించేది.

బోరు నీళ్లలో ఇనుము ఎండల్లో ఎంత, వానల్లో ఎంత అన్నది ఆమె పరిశోధన. గడువు వచ్చే మార్చితో సరి. పరిశోధక కమిటీ దయతలిస్తే ఒక్క ఏడాది పొడిగిస్తుంది, అదీ ఒక్కసారే. కాదంటే నమోదు రద్దు. ఆరేళ్ల చాకిరీ బూడిదలో పోసినట్టే.

శుక్రవారంలోగా ప్రగతి నివేదిక ఇవ్వాలి. కూతురు లాప్‌టాప్ ముందు కూర్చుంది, ఆమె పక్కన నిలబడి చెప్పసాగింది.

"ఒకటో లక్ష్యం, పరీక్షా విధానం ఖరారు: పూర్తయింది. రెండోది, ఎండాకాలం నమూనాలు, ఇరవైనాలుగు బోర్లు: పూర్తయింది. మూడోది, వానాకాలం నమూనాలు..." అని ఆగిపోయింది.

"పూర్తయిందేగా? నీతో పాటు నేనూ తడిసి ముద్దయ్యా!"

"పూర్తి కాలేదే. అన్నీ పారబోసినట్టే."

నీళ్లు పట్టగానే బోరు దగ్గరే సీసాలో నాలుగు చుక్కల ఆసిడ్ వేయాలి. లేకపోతే ఇనుము సీసా గోడకు అంటుకుపోతుంది. వానల్లో మొదటి రోజే ఆసిడ్ బుడ్డి లాబులో మరిచిపోయింది. వెళ్లాక వేద్దాంలే అనుకుంది. నీళ్లను పరీక్షకు వాడే చిన్న గొట్టాల్లోకి వంచి, అప్పుడు వేసింది. ఆ రోజు గడిచిపోయింది కదా అని నాలుగు నెలలూ అదే దారి పట్టింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి చేయాల్సిన పనేనా అది?

పట్టుకున్నదీ ఆమే. ఖాళీ సీసాలను ఆసిడ్‌తో కడిగాక ఆ నీళ్లను కూడా ఇనుము కొలిచే యంత్రంలో పెట్టి చూడటం ఆమెకు పాత అలవాటు. వానల్లో తీరిక దొరక్క ఆ అలవాటు మానేసింది. చివరి ఆరు సీసాల దగ్గర మళ్లీ చూస్తే, గొట్టంలో కంటే కడుగునీళ్లలోనే ఇనుము ఎక్కువుంది! మిగతావి అప్పటికే కడిగి బోర్లించేసింది. ఆ లెక్కలిక తిరిగి రావు.

మర్నాడు చిత్తుప్రతి చదివి గైడు గారు తల పట్టుకున్నారు.

"ఇంత విడమరిచి ఎందుకమ్మా? 'ఫలితాలు పరిశీలనలో ఉన్నాయి' అని ఒక్క ముక్క రాయండి. వాళ్లేం సీసాలు చూడొస్తారా?"

"వాళ్లు చూడరు సార్. నేను చూశాగా."

"రద్దు చేస్తే?"

ఆమెకు భయం వేసింది, ఎందుకు వేయదు? అయినా ఒక్క మాట కూడా కొట్టేయలేదు. సవరించిన కాలక్రమం రాసింది: మళ్లీ వానలు పడేదాకా ఎండాకాలం అధ్యాయం రాత, జూలై నుంచి అక్టోబరు దాకా నమూనాలు, నవంబరు, డిసెంబరుల్లో విశ్లేషణ, ఆపై మూడు నెలల్లో సిద్ధాంత గ్రంథం. గైడు గారు నిట్టూర్చి సంతకం పెట్టారు.

కమిటీ గదిలో బల్లకు అటువైపు ముగ్గురు. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని మూడో లక్ష్యం దగ్గర ఆగింది.

"ఈ తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"నేనేనండీ. చేసిందీ నేనే."

"కడుగునీళ్లు పరీక్షించమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మొదట్లో సీసాలు కడిగేదాన్ని. బాగా కడిగానో లేదో నాకు తెలియాలిగా."

పెద్దావిడ మిగతా ఇద్దరివైపు చూసింది. "మా దగ్గర ఎంతమంది ఇలా నీళ్లు తెచ్చి, ఇలాగే గొట్టాల్లో పోసి, డిగ్రీలు పట్టుకెళ్లారో!" అంది. తర్వాత కాగితం ఆమె ముందుకు జరిపింది. "ఏడాది పొడిగింపుకు సిఫారసు చేస్తున్నాం. కానీ ఈ కాలక్రమం చాలదు. ఇంకో వరస చేర్చండి. ఈసారి ప్రతి బోరు దగ్గరా రెండు సీసాలు పట్టండి, ఒకటి ఆసిడ్‌తో, ఒకటి లేకుండా. కడిగిన నీళ్లు కూడా కొలవండి. అది విడిగా ఒక అధ్యాయం కావాలి."

ఆమె పెన్ను తీసింది. గుండ్రటి అక్షరాలతో అక్కడే రాసింది. నాలుగో లక్ష్యం: సీసాల కడుగునీళ్ల పరీక్ష.

బయటికి రాగానే కూతురికి ఫోను చేసింది.

"ఏమయిందమ్మా?"

"ఏడాది ఇచ్చారే!" అంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. "ఇంకో మాట వింటావా? నేను సీసాలు కడగడం మీద ఒక అధ్యాయం రాయమన్నారు."