రేడియోలో చదవని చివరి మాట

ఈ రోజు పొద్దున మా రేడియోలో కేసముద్రం పెద్దాయన వర్ధంతి కార్యక్రమం వచ్చింది. రాసింది నేనే. అంటరానితనం మీద ఊరూరా కొట్లాడిన ఆయన "జై తెలంగాణ" అంటూ ప్రాణం విడిచాడని ప్రతి సభలో చెప్తున్నారు. నాకూ ఆ మాట ఇష్టమే. కానీ పక్కనుండి విన్నవాళ్లు చెప్పందే స్క్రిప్టులో పెట్టను. అందుకే చివరిదాకా ఆయనకు సేవ చేసిన అవ్వ దగ్గరికి పోయాను.

"మాటెక్కడిది బిడ్డా? పక్షవాతమొచ్చి నోరు పడిపాయె. నేను చెంచతోని జావ పోస్తే తాగెటోడు. నా చేతిది తాగొద్దని ఆయన కులపోళ్లు లొల్లి వెడితే, మంచిగున్న చెయ్యితోని నా చెయ్యి వట్టుకొని ఇడువలే."

వైద్యం చేసిన డాక్టరును విడిగా అడిగాను. మాట పడిపోయిందనే ఆయనా చెప్పాడు. చెయ్యి పట్టుకున్న సంగతికి సాక్షి అవ్వ ఒక్కతే, కాబట్టి ఆమె చెప్పినట్టుగానే చదివించాను. నినాదం మాత్రం స్క్రిప్టులో పెట్టలేదు.

ప్రసారం అయ్యీ కాకముందే ఉద్యమంలో తిరిగే దోస్తు ఫోన్ చేశాడు.

"ఏందిరా, గంత మంచి నినాదం తీసేసినవ్? ఎవలికి అమ్ముడువోయినవ్?"

ఒళ్లు మండింది. "జై తెలంగాణ అననీకె మనకు నోరున్నది కదరా! నోరు పడిపోయినాయనతోని అనిపిచ్చుడెందుకు?"

వాడు ఫోన్ పెట్టేశాడు. రేపు రైలురోకోలో పక్కపక్కనే కూర్చుని ఇద్దరం మా గొంతులతోనే అరుస్తాం, అది వేరే సంగతి. ఆయన నోట్లో చివరికి పోసింది మాత్రం అవ్వ జావే. మీ ఊళ్లో పోయినవాళ్ల నోట్లో ఎవరు జావ పోశారో, ఎవరు అనని మాటలు పోశారో, కింద రాయండి.