ఆఁ అంటే అయినట్టేనా?

మా ఊళ్లలో ‘ఆఁ’ అంటే వింటున్నానని. చేస్తానని కాదు, చేశానని అసలే కాదు. ఇంత చిన్న సంగతి నేనే మర్చిపోయి, ‘ఆఁ’ అంటే అయినట్టేనని ఒక ప్రోగ్రాంలో రాసి చంకలు గుద్దుకున్నాను.

కరీంనగర్‌లో మాది చిన్న ఆఫీసు. పత్తి అమ్ముకునే రైతులు మార్కెట్‌కు ఏ రోజు రావాలో ఫోన్‌లో బుక్ చేసుకునే యాప్ మాది. ఎవరు కోడ్ రాసినా అసలు దాంట్లో కలపమని పుల్ రిక్వెస్ట్ పెట్టాలి. ఇంకొకరు చదివి ఆమోదిస్తేనే కలుస్తుంది. ఆ రిక్వెస్ట్‌లను అరగంటకోసారి చూసి మా ఆఫీసు చాట్ గ్రూపులో చెప్పే మానిటర్ ప్రోగ్రాం ఒకటి ఉండేది. మా మేనేజర్ ముచ్చటపడి పెట్టించాడు. అది ఏమీ మారకపోయినా చెప్పేది. కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్షలు ఇంకా నడుస్తున్నాయనేది. సగం రాసి పక్కన పెట్టిన డ్రాఫ్ట్‌లో పరీక్ష తప్పిందని గగ్గోలు పెట్టేది. అంతా బాగున్నా, అంతా బాగుందని చెప్పేది. వారం తిరక్కుండానే అందరం ఆ గ్రూపును మ్యూట్‌లో పడేశాం. ‘మెసేజ్‌లు ఎక్కువొస్తున్నయంటే పని మంచిగైతున్నట్టే’ అని ఆయన మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్లు మండేది.

దాని నోరు మూయించే పని నేనే నెత్తికెత్తుకున్నాను. పోయినసారి చూసినదాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఏమీ మారకపోతే మాట్లాడకూడదు. డ్రాఫ్ట్‌ల జోలికి పోకూడదు. మనిషి చేయాల్సిన పని ఉన్నప్పుడే, ఆ మనిషి పేరు పెట్టి పిలవాలి. పని పెండింగ్‌లో ఉంటే గంటకోసారి గుర్తు చేయాలి. ఇంతవరకు బుద్ధిగానే రాశాను. ఆ తర్వాత నా తెలివి ఎక్కువైంది. పిలిచిన మనిషి మెసేజ్ మీద బొటనవేలు బొమ్మ పెడితే, పని అందుకున్నట్టే లెక్క, ఇక గుర్తు చేయొద్దని ఒక్క లైన్ చేర్చాను. గ్రూపు చల్లబడింది. అందరూ మ్యూట్ తీసేశారు. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

మాతో పనిచేసే ఒకమ్మాయిది ఆదిలాబాద్ దగ్గర పల్లె. వాళ్ల బాపు చేత, చుట్టుపక్కల వాళ్ల చేత యాప్‌లో బుక్ చేయించింది ఆమే. ‘గీ యాప్‌ను నమ్మున్రి’ అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఒక వారం, గురువారం ఆదిలాబాద్ మార్కెట్ బంద్ అని మంగళవారం కబురొచ్చింది. ఆ రోజు బుకింగ్‌లన్నీ శనివారానికి మార్చి, రైతులకు మెసేజ్ పంపే కోడ్ ఆమె గబగబా రాసి పుల్ రిక్వెస్ట్ పెట్టింది. పరీక్షలన్నీ దాటింది. చదివి ఆమోదించాల్సింది నేను.

మానిటర్ నన్ను పేరు పెట్టి పిలిచింది. బుధవారం సాయంత్రంలోపు కలపాలని కూడా చెప్పింది. అప్పుడు నేను ఫోన్‌లో మేనేజర్‌తో వాదిస్తున్నాను. అలవాటుగా బొటనవేలు నొక్కాను. ‘ఆఁ’ అన్నానంతే. అది విని మానిటర్ మౌనం పట్టింది. బొటనవేలు చూసి ఆమె కూడా పని అయిపోతుందనుకుంది. ఆఫీసు నుంచే మెసేజ్ పోతుందని వాళ్ల బాపుకు ఫోన్ కూడా చేయలేదు. ఇక నేనా? బుధవారమంతా ఒక్క అలర్ట్ రాకపోయేసరికి ఎంత ప్రశాంతంగా ఉందోనని నాలో నేనే పొంగిపోయాను.

గురువారం పొద్దున ఆమె ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ మీద పెట్టింది.

“బిడ్డా, గేటుకు తాళమేసి ఉన్నది. మనూరోళ్ల బండ్లన్నీ నా ఎన్కనే నిలవడ్డయి. బందని ఒక్క మెసేజ్ రాలే. నువ్వు చెప్పినవనే అచ్చినం గదనే.”

“జరాగు బాపూ,” అంది ఆమె. నా వైపు తిరిగింది. “అన్నా, నువ్వు చూసినవు గద?”

“చూసిన,” అన్నాను.

“చూసుడు కాదన్నా, చేసుడు గావాలె.”

మేనేజర్ రానే వచ్చాడు. “నేను ముందే చెప్పిన, అన్నీ అలర్ట్‌లు పెట్టున్రని,” అన్నాడు. ఆయనకు అది కూడా ఒక గెలుపే. ఆ ఒక్క లైన్ తీసేశాను. ఇప్పుడు బొటనవేలికి విలువ లేదు. రిక్వెస్ట్‌ను ఆమోదించాలి, లేదా తిప్పి పంపాలి, లేదా మూసేయాలి. అప్పటిదాకా మానిటర్ అడుగుతూనే ఉంటుంది, గడువు దగ్గరపడితే ఇంకొకరిని కూడా పిలుస్తుంది. మానిటర్ ఆగిపోయి మౌనంగా ఉందా, చెప్పేదేమీ లేక మౌనంగా ఉందా అని చూడటానికి వేరే ఏర్పాటు పెట్టాం. గ్రూపు ఇప్పుడు కావలసినంతే మాట్లాడుతుంది. ఆ సంగతి ఆదిలాబాద్‌లో ఎవరికీ అక్కర్లేదు.

మా యాప్ నుంచి మెసేజ్ వెళ్లిన ప్రతిసారీ ఆమె బాపు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు.

“మెసేజ్ అయితే అచ్చింది బిడ్డా. నిజంగ పోవాల్నా?”