బొట్టు పెట్టిన బ్యాటరీలు

ఉదయం ఆరింటికి షట్టర్ ఎత్తగానే దుర్గయ్య మొదట చేసే పని బ్యాటరీలను తాకి చూడటం. జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు, చెయ్యి వెనకవైపు ఒక్కో ప్యాకుకూ ఆనించేవాడు. పన్నెండూ చల్లగా ఉండేవి. సంతృప్తిగా తల ఊపి, అందులో ఆరింటికి మాత్రం కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఏ ఆరింటికన్నది ముందే తేలిపోయిన విషయం. అవి స్టేషన్ తెరిచిన రోజున అట్టపెట్టెల్లోంచి కొత్తగా దిగినవి. మిగతా ఆరూ నాలుగు నెలల తర్వాత ట్రాలీ ఆటోలో ఒకదానిమీద ఒకటి పడి, గీతలతో వచ్చాయి. గీతలున్నవాటికి బొట్టెందుకు?

చిక్కడపల్లి లైబ్రరీ నుంచి అశోక్ నగర్ వైపు వెళ్లే సందులో, మూతబడ్డ జిరాక్స్ షాపులో ఉంది ఆ స్టేషన్. ఎలక్ట్రిక్ స్కూటర్ మీద వచ్చినవాళ్లు ఖాళీ అయిన ప్యాకు ఇచ్చి, నిండింది తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్లిపోతారు. ఎవరికి ఏ ప్యాకు ఇవ్వాలన్నది దుర్గయ్య ఇష్టం. ఏది ఇచ్చినా ధర ఒకటే.

అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు నారాయణగూడలో ఆయనకు సొంత బ్యాటరీ షాపు ఉండేది. కార్ల బ్యాటరీలు, ఇన్వర్టర్ బ్యాటరీలు, యాసిడ్ మరకలతో చిల్లులు పడ్డ చొక్కాలు. రాత్రంతా ఊరికే ఉంచి పొద్దున చూస్తే బ్యాటరీ గుట్టు బయటపడుతుందని ఆయన అప్పట్లో నేర్చుకున్నాడు. సీసం బ్యాటరీల విషయంలో అది నిజమే. షాపు మూతపడ్డాక ఈ ఉద్యోగంలో చేరాడు. బ్యాటరీలు మారాయి కానీ పొద్దున్నే చూడటం మారలేదు.

బొట్టున్న ప్యాకులు మంచివాళ్లకు. మంచివాళ్లంటే దుర్గయ్య దృష్టిలో గట్టిగా మాట్లాడనివాళ్లు. వాళ్లలో మొదటిది సంజన. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతుంది, సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేస్తుంది. వచ్చినప్పుడల్లా హెల్మెట్ తీసి మరీ నమస్తే పెట్టేది. ఆమెకు బొట్టున్నది తప్ప ఇంకొకటి ఇచ్చేవాడు కాదు. బొట్టు లేనివి సృజన్‌కు. అతనూ గ్రూప్స్ చదివేవాడే, అతనిదీ డెలివరీయే, కానీ స్టేషన్ మెట్టెక్కకముందే గొడవ మొదలుపెట్టేవాడు. ఆలస్యమైందనేవాడు, ఫ్యాను తిప్పవేమనేవాడు, బొట్టెందుకు, కొబ్బరికాయ కూడా కొట్టరాదా అనేవాడు. దుర్గయ్య గీతలున్న ప్యాకు తీసి అతని చేతిలో పెట్టేవాడు. సందులో న్యాయం జరిగిందన్న తృప్తి ఆయన ముఖంలో కనిపించేది.

ఏడో నంబరు ప్యాకు మాత్రం దక్షిణామూర్తిగారిది. ఆయన లెక్కల శాఖలో రిటైరయ్యాడు. పదిమంది వాడిన బ్యాటరీ తన బండిలో పెట్టనని మొదటిరోజే చెప్పేశాడు. బాగ్ లింగంపల్లి నుంచి పొద్దున తొమ్మిదింటికి వచ్చి ఏడో నంబరు ఇచ్చి, నడిచి లైబ్రరీకి వెళ్లి, మధ్యాహ్నం పేపర్లన్నీ చదివాక మళ్లీ ఏడో నంబరే తీసుకుని వెళ్లేవాడు. అది ఎప్పుడూ సగానికి పైగా నిండే ఉండేది. సగం వాడి మొత్తానికి ధర కడుతున్నానని లెక్కల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన మనిషికి తట్టలేదు.

ఆ వేసవిలో కంపెనీకి ఫిర్యాదులు వెళ్లాయి. ఒకే ధర కట్టినా ఒకరోజు యాభై కిలోమీటర్లు, ఒకరోజు నలభై వస్తున్నాయని. విచారించడానికి పవన్‌కుమార్ అనే ఇంజినీరు వచ్చాడు. వాళ్ల నాన్న చిన్నప్పుడే కాకినాడ నుంచి హైదర్‌గూడకు వచ్చాడట. దుర్గయ్యను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. స్కూటర్ మీద వంద శాతం అని కనిపించడం వేరు, ప్యాకులో ఎంత పడుతుందన్నది వేరు. గ్లాసు నిండుగా ఉందని చూస్తే సరిపోదు, గ్లాసు ఎంతదో చూడాలి. కొత్త ప్యాకులో యూనిటున్నర పడితే, అరిగినదాంట్లో యూనిట్ కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. రెండూ వందే చూపిస్తాయి. అందుకే ఇకమీదట ప్రతి ప్యాకు ఆరోగ్యం లెక్కగట్టి, అది ఇవ్వగలిగిన యూనిట్లకే ధర తీసుకుంటారు. మిగిల్చి తెచ్చినదానికి ధర తగ్గిస్తారు. ఏ ప్యాకు ఎవరికన్నది ఫోనే చెబుతుంది.

దుర్గయ్యకు అది అవమానంగా తోచింది. "సార్, గా ఫోను చెప్పేదేంది? బొట్టున్నయి మంచియి, లేనియి పాతయి. ఇరవై ఎనిమిదేండ్లు బ్యాటరీలతోనే బతికిన."

"అలాగే రాస్తాను దుర్గయ్యగారూ. తర్వాత కాదనకూడదు."

"రాయుండ్రి. నేను గాదన."

పవన్‌కుమార్ అక్కడే ఫోను తీసి రాసి పంపాడు. జవాబు సాయంత్రానికి వచ్చింది. దుర్గయ్య ఎంపిక సరైనదని పరీక్షలో తేలితే ఆయన ఉంటాడు. లేకపోతే వచ్చే నెల అక్కడ దానంతటదే తలుపులు తెరుచుకునే పెట్టె పెడతారు, మనిషి అక్కర్లేదు. ఆ మాట పవన్‌కుమార్ కొంచెం నీళ్లు నమిలి చెప్పాడు. దుర్గయ్యకు అప్పుడు యాభై నాలుగేళ్లు. నారాయణగూడలో ఆయన షాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

పరీక్ష చేసే పని కూడా ఆయనకే అప్పగించారు. ప్యాకును పూర్తిగా నింపి, ఒక యంత్రానికి తగిలిస్తే, అది నిలకడగా కరెంటు లాగి, కొత్తదాన్నైతే మూడున్నర గంటల్లో ఖాళీ చేస్తుంది. ఎన్ని యూనిట్లు వచ్చాయో తెర మీద అంకె పడుతుంది. ఆ అంకె ఫోనులో నమోదు చేయాలి. రోజుకు రెండు ప్యాకులు, ఆరు రోజులు.

మొదటిరోజు బొట్టున్న ఒకటో నంబరు పెట్టాడు. ఒకటి పాయింట్ ఒకటి నాలుగు. వైరు సరిగా పెట్టలేదనుకున్నాడు. తర్వాత గీతలున్న తొమ్మిదో నంబరు పెట్టాడు. ఒకటి పాయింట్ నాలుగు. యంత్రం మంచిది కాదనుకున్నాడు. రెండోరోజు ఇంకో బొట్టు ప్యాకు, ఇంకో గీతల ప్యాకు. అవే అంకెలు కొద్ది తేడాతో. యంత్రం మీద నమ్మకం పోగొట్టుకోవడానికి ఇక కారణాలు మిగల్లేదు.

విషయం తెలిసి సృజన్ స్టేషన్ మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. "కాకా, నువ్వు గుస్సా అయినప్పుడల్లా నాకు యాభై నాలుగు కిలోమీటర్లు వచ్చినయ్. గందుకే రోజూ కొట్లాడిన. నీతోని నాకేం పంచాయితీ?"

దుర్గయ్య సంజన వైపు తిరిగాడు. ఆమె హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"నీకెంత వస్తుండె బిడ్డా?"

"నలభై మూడు. ఒక్కోసారి అదీ లేదు."

"మరి చెప్పలేదేంది?"

"మీరు బొట్టు పెట్టి ఇస్తుంటిరి గద కాకా. ఎట్ల అడుగుత?"

కొత్తవి ఎలా అరిగాయో అప్పుడు ఆయనకు అర్థమైంది. మంచివని అందరు మంచివాళ్లకూ అవే ఇచ్చాడు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు నిండి, అడుగంటా ఖాళీ అయ్యాయి. గీతలవి ఎవరూ రాని స్టేషన్ మూసేస్తే వచ్చినవి. తారీఖు చూస్తే వయసులో పెద్దవే, వాడకంలో చిన్నవి. ఇక పొద్దున తాకి చూడటమంటారా, రాత్రంతా నిండి ఊరికే ఉన్న ప్యాకు అరిగినదైనా కొత్తదైనా ఒకేలా చల్లగా ఉంటుంది.

ఫోనులో గడి ఖాళీగా ఉంది. అక్కడ ఏ అంకె వేసినా వేసేది దుర్గయ్యే. బొట్టున్నవాటికి ఒకటిన్నర అని వేస్తే ఉద్యోగం ఉంటుంది. సృజన్ కూడా అదే అన్నాడు, ఈసారి నవ్వకుండా, నేనెవరికీ చెప్పను కాకా అని. నారాయణగూడ షాపులో దుర్గయ్య చాలా అబద్ధాలే ఆడాడు. రేపు ఇస్తానని నాలుగు రోజులు తిప్పాడు, మనకు గిట్టదని ధర పెంచాడు. మీటరు చూపించిన అంకె మాత్రం మార్చి చెప్పలేదు. ఎందుకో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు, ఆ రోజూ ఆలోచించలేదు. ఉన్నదున్నట్టు వేశాడు. పన్నెండూ వేశాడు.

ఏడోరోజు పవన్‌కుమార్ వచ్చి తన ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో ఇంకో జాబితా ఉంది. ప్రతి ప్యాకులోనూ ఉండే చిన్న సర్క్యూటు, లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని మొదటినుంచీ రాసుకుంటూనే ఉందట. ఆ లెక్క కంపెనీకి చేరుతూనే ఉందట. దుర్గయ్యకు ఎవరూ చెప్పలేదు. పదకొండు ప్యాకుల అంకెలు రెండు జాబితాల్లోనూ దాదాపు కలిశాయి. ఏడో నంబరు కలవలేదు. సర్క్యూటు లెక్క కొత్తదాంట్లో తొంభై ఒక్క శాతం పడుతుందని అంటోంది. దుర్గయ్య వేసిన అంకె డెబ్బై నాలుగు శాతం దగ్గర ఆగింది.

"ఇది మీరు తప్పు వేశారేమో," అన్నాడు పవన్‌కుమార్. తప్పు అన్న మాటను ఎంత మెత్తగా పలికినా అందులో దుర్గయ్యకు అబద్ధం అన్న మాట వినిపించింది.

"మల్ల పెడుదాం. మీరు ఈడనే కూసోండ్రి."

రెండున్నర గంటల పైచిలుకు ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో దక్షిణామూర్తిగారు వచ్చి, తన ఏడో నంబరు యంత్రానికి తగిలించి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏవయ్యా దుర్గయ్యా, నా బ్యాటరీని ఆస్పత్రిలో వేశావేంటి?"

తెర మీద అంకె ఒకటి పాయింట్ ఒకటి ఒకటి దగ్గర ఆగింది. దుర్గయ్య ముందు వేసిన అంకే.

పవన్‌కుమార్ అర్థంకాక చూస్తుంటే దుర్గయ్యే చెప్పాడు. "సార్, ఈ పెద్దసారు ఎన్నడూ సగం గూడ వాడడు. ఇది అడుగు చూసి ఏండ్లయింది. అడుగు చూడని లెక్కకు లోతెట్ల తెలుస్తది? పైగా ఎండల్లో ఎప్పుడూ నిండుగనే ఉండె."

పవన్‌కుమార్ ల్యాప్‌టాప్‌లో ఏడో నంబరు పాత లెక్కలు తిరగేశాడు. అది నిజమే. సర్క్యూటు పాత అంకెనే పట్టుకుని కూర్చుంది, మధ్యలో ఒక్కసారి కూడా పూర్తిగా ఖాళీ కాలేదు కాబట్టి సరిదిద్దుకోలేదు. వాడకం తక్కువైనా, నిండుగా వేడిలో పడి ఉన్నందుకు ప్యాకు లోపల తగ్గిపోయింది. ఆ లెక్క ప్రకారం ధర కట్టించుకుంటే, రాని యూనిట్లకు ఎవరో ఒకరు డబ్బు కట్టేవారు. నగరంలోని మిగతా స్టేషన్లలో ఇలాంటి ఏడో నంబర్లు ఎన్నున్నాయో ఎవరికీ తెలియదు.

కంపెనీ చివరికి రెండు నిర్ణయాలు తీసుకుంది. దుర్గయ్య ఎంపిక తప్పని తేలింది కనుక తలుపుల పెట్టె వచ్చింది. పెట్టె లెక్కను అప్పుడప్పుడు అడుగుదాకా చూసి సరిచేసే మనిషి కావాలి కనుక దుర్గయ్య ఉన్నాడు. తప్పు చేసినందుకు పోవాల్సిన ఉద్యోగం, ఆ తప్పును సరిగ్గా రాసినందుకు నిలిచింది. ఈ సంగతి ఆయనకు ఇచ్చిన కాగితంలో లేదు.

ఇప్పుడు సంజనకు అరిగిన ప్యాకు వస్తే ధర తక్కువ పడుతుంది, ఎంత దూరం వస్తుందో ముందే ఫోనులో కనిపిస్తుంది. సృజన్ పెట్టెతో కొట్లాడి చూశాడు, లాభం లేకపోయింది. దక్షిణామూర్తిగారు తను వాడినదానికే కడుతున్నాడు, రెండేళ్లుగా ఎంత ఎక్కువ కట్టాడో మాత్రం లెక్క చూడటానికి ఒప్పుకోలేదు.

దుర్గయ్య పొద్దున ఆరింటికే వస్తాడు. ప్యాకులను తాకి చూడటం మానలేదు, కాకపోతే ఇప్పుడు బండి మీంచి తీసిన వెంటనే, వేడి మీద చూస్తాడు; అరిగినవాటికి వేడి ఎక్కువ. రోజుకు రెండు ప్యాకులు పరీక్షకు పెడతాడు. జీతం పెరగలేదు.