తేదీ తెలియని సెలవు

అరసవల్లి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లల కోసం ఐవీఎఫ్ చేయించుకుందామనుకుని, సెలవు అడగడానికి హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లాను. ముందే అనుకున్న వైద్యమని మాత్రం చెప్పాను.

"ఏ తేదీల్లోనమ్మా?"

"తెలీదు మేడమ్. పొద్దున పూట స్కాన్ తీసినప్పుడల్లా మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారంట."

"ముందే అనుకున్న వైద్యమంటన్నావు, తేదీ తెలీదంటన్నావు. ఏటిది?"

నాకూ అయోమయంగానే ఉంది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఆమె ముందు పెట్టాను. చికిత్స మొదలవుతోందని, మధ్యమధ్యలో సెలవు అవసరమని మాత్రమే ఉందందులో. ఏ చికిత్సో రాయొద్దని నేనే అన్నాను. మా స్టాఫ్ రూములో ఒకరికి జ్వరమొస్తే మధ్యాహ్నానికల్లా అందరూ తలో కషాయం చెప్పేస్తారు. నా కడుపు గురించి మాట్లాడ్డానికి వీళ్లెవరు?

"వివరాలు చెప్పలేను మేడమ్" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆమె చీటీ సొరుగులో పెట్టేసింది. నా పొద్దుటి పీరియడ్లు మధ్యాహ్నానికి మార్చింది. అసలు రాలేని రోజైతే ముందురోజు ఫోన్ చెయ్యమంది. ఎవరైనా అడిగితే సొంత పని మీద వెళ్లిందంటానులే అంది.

ఇంత సులువుగా ఒప్పుకునేసరికి నాకు అనుమానమొచ్చింది. తలుపు దాకా వెళ్లాక వెనక్కి పిలిచింది.

"ఆదివారం గుడికెళ్తన్నాను. నీ పేరున మొక్కుదామంటే ఏటని మొక్కాలో తెలీడం లేదు. ఉన్నది పోవాలని మొక్కాలా, లేనిది రావాలని మొక్కాలా?"

ఆమెకి తెలిసిపోయిందో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ అర్థం కాదు. వివరాలు చెప్పలేనని ఇందాక ఎంత గట్టిగా అన్నానో మర్చిపోయి, "రావాలని" అన్నాను.