నా కొడుకుకు నా ఎక్స్ రాలేదు

నాకు హిమోఫీలియా. దెబ్బ తగిలితే రక్తం తొందరగా గడ్డకట్టదు. మోకాలి లోపల రక్తం చేరి చేరి కుడికాలు బిగుసుకుపోయింది. ఇది మగవాళ్ళకు వచ్చే జబ్బని మాత్రమే మా ఇంట్లో తెలుసు. ఎలా వస్తుందో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. అమ్మ తమ్ముడు పన్ను పీకించుకుని, రక్తం ఆగక కుర్రతనంలోనే పోయాడు. ఆ తరవాత నేను. మా అన్నయ్యకి మాత్రం ఏమీ లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నా భార్య పురిటికి పలాస ఆసుపత్రిలో చేరింది. మధ్యాహ్నం నర్సు తలుపు తీసి "మగపిల్లాడు!" అంది. నేను గెంతబోయి గోడ పట్టుకున్నాను. అమ్మ మాత్రం చతికిలబడి ఏడుపు మొదలెట్టింది.

"ఆడపిల్లయినా బాగుణ్ణు నాయనా. నీకొచ్చిందే ఈడికీ వత్తాది."

డాక్టరమ్మ బయటికొచ్చి సంగతి విని, అమ్మ పక్కనే బల్లమీద కూర్చుంది.

"చూడమ్మా, ఈ జబ్బు ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు. నీకు ఒకటి పాడు, ఒకటి మంచిది. మంచిది కాపాడింది గనక నీకు జబ్బు లేదు. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అది తల్లే ఇస్తుంది. రెండోది వై, తండ్రి ఇస్తాడు. నీ పెద్దకొడుక్కి మంచి ఎక్స్ వెళ్ళింది. ఇతనికి పాడుది వెళ్ళింది, కాపాడ్డానికి ఇంకో ఎక్స్ లేదు."

"అయితే నా వల్లేనా అమ్మా?"

"నీలో ఉంది, అంతే. ఏది వెళ్ళాలో నువ్వు ఎంచలేదు కదా."

"మరి ఈడికి?"

"తండ్రి దగ్గర నుంచి వై వచ్చింది గనకే మగపిల్లాడయ్యాడు. పిల్లాడి ఎక్స్ నీ కోడలిది. వాళ్ళింట్లో ఎవరికైనా ఈ జబ్బుందా?"

"ఎవులికీ నేదు."

"అయితే ఇతని జబ్బు ఈ పిల్లాడికి రాదు. ఆడపిల్ల పుట్టుంటే ఇతని పాడు ఎక్స్ తప్పకుండా వెళ్ళేది. రేపు ఆమెకి పుట్టే ప్రతి కొడుక్కీ సగం అవకాశం ఉండేది."

నేను గోడ వదిలి ముందుకొచ్చాను. "అంటే నా కొడుకు కొబ్బరిసెట్టు ఎక్కొచ్చా అమ్మా?"

"ఎక్కనీ. పడకుండా చూసుకో," అని ఆవిడ నవ్వింది.

కుంటుకుంటూనే బజారుకి పరుగెత్తాను. ఫోను బూత్‌లోంచి కవిటిలో ఉన్న అన్నయ్యకి చేశాను.

"అన్నయ్యా, ఆడికి నా వై వచ్చింది!"

"వయ్యేటిరా? మగపిల్లాడా, ఆడపిల్లా, ముందది సెప్పు!"

బూత్ బయట నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళకీ చెప్పాను, ఎక్స్ సంగతి, వై సంగతి, మిఠాయి పంచుతూ.

నడక నేర్చిన రోజుల్లో వాడు గడప తట్టుకుని పడ్డాడు. పెదవి చిట్లింది. అమ్మ, నేను ఆ పెదవినే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి రక్తం దానంతటదే ఆగిపోయింది. వాడింకా ఏడుస్తూనే ఉన్నాడు, మేమిద్దరం మాత్రం పడీపడీ నవ్వుతున్నాం.