తెగిన అక్షరం మీది స్వరం

ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు యజమాని, మా అమ్మ పాత శిష్యుడు, నేను టేప్‌రికార్డర్ పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. అప్పుడు నేను హైదరాబాదులో భాషాశాస్త్రం పరిశోధన చేస్తున్నాను. మా సీమ మాటలో రాగం ఎక్కడ లేస్తుంది, ఎక్కడ పడుతుంది అన్నది నా విషయం. మామూలు జనం మామూలుగా మాట్లాడుకునే మాటలు కావాలి. కొట్టులో అందరికీ చెప్పి, గల్లాపెట్టె పక్కన టేప్‌రికార్డర్ పెట్టి, రోజంతా క్యాసెట్లు మారుస్తూ కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లో ఎన్నికలు దగ్గరపడ్డాయి. పార్టీలు రెండు, వర్గాలు రెండు. ఒక వర్గం పెద్దాయన మేనల్లుడు ఒక మధ్యాహ్నం ఆ కొట్టులో పంచెలు కొనుక్కుని జీపెక్కాడు. జమ్మలమడుగు దారిలో జీపు మీద బాంబులు పడ్డాయి. మనిషి అక్కడే పోయాడు.

అతను వెళ్లిన కాసేపటికి కొట్టు గుమాస్తా ఫోనులో ఒక మాట అన్నాడు. "జమ్మలమడుగు పోతాండాడు." పక్కన బట్ట కొలుస్తున్నవాళ్లు విన్నారు. గుమాస్తానే అవతలి వర్గానికి ఉప్పందించాడని అనుమానం పుట్టింది, మూడోనాటికి ఆ మాట పెద్దాయన చెవిన పడింది. మాట క్యాసెట్లో ఉందని కూడా పడింది.

నేనప్పటికే మా ఊరు జమ్మలమడుగు వచ్చేశాను. మా అమ్మ మిషన్ బడిలో టీచరు. రెండు వర్గాల పిల్లలూ ఆమె దగ్గరే అక్షరాలు దిద్దారు, అందుకని మా ఇంటి ముందర ఎవరూ గొంతు పెంచేవాళ్లు కాదు. పొద్దున పదింటప్పుడు రెండు జీపులు వచ్చి ఆగాయి. పెద్దాయన చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య గుమాస్తా. అతని చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టి ఉన్నాయి.

మా అమ్మ మంచినీళ్లు తెచ్చింది. పెద్దాయన తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"టీచరమ్మా, మేం గలాటాకు రాలేదు. పాప దగ్గర క్యాసెట్టుండాదంట. వినిపోతాం."

"నేను ఫోన్లో అడిగినానన్నా, చెప్పలేదు," అన్నాడు గుమాస్తా. "నా పెండ్లాం ఫోన్ చేసింది. మా అల్లుడు, కూతురి మొగుడు, జమ్మలమడుగు పోతాండాడని చెప్పింది. పోతాండాడా అని నేను తిరిగి అడిగినా. అంతే."

"'పోతాండాడా' అనలేదంట కదప్పా నువ్వు. 'పోతాండాడు' అంటివంట," అన్నాడు పెద్దాయన.

"మనం అట్లా కూడా అడుగుతాం కదన్నా."

అడుగుతాం. అదే నా పరిశోధనలో ఒక అధ్యాయం. అక్షరాలు మార్చకుండా రాగం ఒక్కటి మార్చి అడుగుతాం. గది అంతా నావైపు చూసింది. ఆ క్యాసెట్ నేనింకా వినలేదు. సంచిలో మిగతా క్యాసెట్ల మధ్య ఉంది.

అమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "ఆలోచించి నోరు తెరువు."

నేను ఇవ్వనంటే వాళ్లే తీసుకుని వింటారు, తోచినట్టు వింటారు. వినిపించాక వివరిస్తే, మనిషిని కాపాడటానికి కథ అల్లాననుకుంటారు. ముందే చెప్పాలి. చెప్పినదానికి కట్టుబడాలి. క్యాసెట్లో రాగం పడిపోయి ఉంటే?

అమ్మ సుద్దముక్క తీసుకుని బండల మీద కూర్చున్నాను. కింది వరసలో రాశాను: పో, తాం, డా, డు.

"ఇవి అక్షరాలు. రాగం వీటిలో కలిసిపోయి ఉండదు పెద్దనాన్నా. దాని వరస దానిది." పైన ఇంకో వరస రాశాను. చెప్పేటప్పుడు 'పో' పైన ఎత్తు, 'డా' పైన దిగువ. ఒక్కోదాన్నుంచి కింది అక్షరానికి గీత దించాను. ఆ దిగువ నుంచే ఇంకో గీత చివరి 'డు'కు. "చెప్పేటప్పుడు గొంతు దిగి అక్కడే ఉంటాది."

పక్కన మళ్లీ అవే అక్షరాలు రాశాను. "అడిగేటప్పుడు 'డా' పైన దిగువ, 'డు' పైన ఎత్తు. చివర్లో లేస్తాది."

పెద్దాయన వంగి చూశాడు. "సరే. ఇంగ పెట్టు."

"ఇంకొకటుంది. ఈయన చివరి అక్షరం మింగుతాడు. 'పోతాండాడ్' అంటాడు."

"మింగితే ఇంకేముండాది? లేసేది ఆ అక్షరం మీద్నే అంటివి. అక్షరమే లేకపాయె."

నేను ఉకారాన్ని తుడిచేశాను. కింద 'డ్' మిగిలింది. పైన ఎత్తు, గీత లేకుండా వేలాడుతోంది. "అక్షరం పోయినా స్వరం పోదు. వరస వేరు కదా. పక్కనున్న అక్షరాన్ని పట్టుకుంటుంది." ఆ ఎత్తు నుంచి 'డా'కు గీత గీశాను. ఇప్పుడు 'డా'కు రెండు గీతలు, ఒకటి దిగువ నుంచి, ఒకటి ఎత్తు నుంచి. "అడిగి ఉంటే 'డా' కిందినుంచి పైకి ఎక్కుతాది. చెప్పి ఉంటే 'డా' కిందనే నిలబడతాది."

"నీ లెక్క నిజమని నాకెట్ల తెలుసు?"

న్యాయమైన ప్రశ్న. అంతకు ముందు రోజుల క్యాసెట్ ఒకటి పెట్టాను. గుమాస్తా బేరాలాడుతున్నాడు. "మీ వాడు రేపొస్తాండాడ్" అన్నచోట ఆపాను. "అడిగినాడా, చెప్పినాడా?"

పెద్దాయన "అడిగినాడు" అన్నాడు. బటన్ నొక్కాను. "ఆ, వస్తాండాడప్పా" అని ఎవరిదో జవాబు. ఇంకోచోట ఆపాను. "చెప్పినాడు." ముందుకు పోనిచ్చాను, చెప్పడమే. ఇంకో నాలుగైదు చోట్ల ఆపాను. ఆయన తప్పలేదు. పక్కనున్న మనుషుల్లో ఒకడు తనకు తెలియకుండానే పెదాలు కదిలించి పలికి చూసుకుంటున్నాడు.

"ఒకటి గుర్తుపెట్టుకోండి," అన్నాను. "కిందనే ఉన్నా అది మీ మేనల్లుడి గురించి చెప్పినట్టు కాదు. ఈయన తన అల్లుడి మాటే ఇంకెవరికో చెప్పి ఉండొచ్చు."

ఆయన టేప్‌రికార్డర్ వైపు చెయ్యి చూపించాడు. నేను ఆ రోజు క్యాసెట్ పెట్టాను.

కత్తెర చప్పుడు, రిక్షా గంట, ఎవరో చీర రంగు అడగడం. ఫోను మోగింది. గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. "ఆ, చెప్పు... జమ్మలమడుగు పోతాండాడ్..."

నాకు మొదటిసారి ఏమీ వినపడలేదు.

"మళ్లా పెట్టు," అన్నాడు పెద్దాయన.

రెండోసారి విన్నాను. 'డా' ఎక్కింది. సన్నగా, ఆశ్చర్యపోయినట్టు ఎక్కి, అక్కడే ఆగింది.

మూడోసారి కూడా పెట్టించుకున్నాడు. తర్వాత వెనకున్న మనిషిని అడిగాడు. "ఏంరా?"

"అడిగినట్టే ఉండాది మామా."

పెద్దాయన బండల మీది గీతలను వేలితో తడిమాడు. ఆ వేలికి మేనల్లుడి కర్మకు పెట్టుకున్న దర్భ ఉంగరం గుర్తు ఇంకా ఉంది. లేచి, క్యాసెట్ తీసి జేబులో వేసుకున్నాడు. "నువ్వు ఊరిడిసి పో," అన్నాడు గుమాస్తాతో. "నేను విన్నా గానీ, మా వాళ్లందరికీ ఈ గీతలు గీసి చెప్పలేను."

జీపులు గుమాస్తాను వదిలేసి వెళ్లాయి. అతను మా వరండాలోనే కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నాడు. ఆ వారంలోనే భార్యతో బళ్లారి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. ఆ రోజు వరండా దిగేముందు నన్ను ఒక్కటే అడిగాడు. "పాపా, అది దిగి ఉంటే?" నేను తడిగుడ్డతో బండల మీది గీతలు తుడవసాగాను.

కొట్టులో మళ్లీ టేప్‌రికార్డర్ పెట్టలేదు. పులివెందులలో మా పిన్ని ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి, నేను రాసిచ్చిన వాక్యాలు పలికించి రికార్డు చేసుకున్నాను. వానలు, పొయ్యి, చింతపండు, ఎవరి ప్రాణం మీదికీ రాని మాటలు. వాళ్లు బడిపిల్లల్లా పలికారు. మా ప్రొఫెసరు ఆ టేపులు విని, "రాగాలు బిగుసుకుపోయాయేమ్మా, మనుషులు మాట్లాడినట్టు లేదు" అన్నారు.

లేదని నాకూ తెలుసు. వాటితోనే సిద్ధాంతవ్యాసం పూర్తిచేశాను.