అంటుపుల్లల పెట్టె ఆచూకీ

గన్నవరం విమానాశ్రయంలో సామాన్ల బెల్టు చుట్టూ నేను చేసిన ప్రదక్షిణలు ఏ గుళ్ళోనైనా చేసి ఉంటే ఈపాటికి దేవుడు దిగొచ్చి వరమడగమని బతిమాలేవాడు. అందరి పెట్టెలూ వచ్చాయి. చివరకు ఒక గొడుగు కూడా ఒంటరిగా, రాజకుమారిలా, బెల్టు మీద ఊరేగుతూ వచ్చింది. మా పెట్టె మాత్రం రాలేదు.

అందులో చీరలుంటే నేనింత కంగారు పడేవాణ్ణి కాదు. మా ఆవిడ పడేది. అందులో ఉన్నవి మామిడి పుల్లలు.

ఉత్తరాదిలో ఒక పండ్ల వ్యాపారి చాలా ఏళ్ళుగా మా తోటలో కాయ కొంటున్నాడు. వాళ్ళ పెరట్లో ఒక దశేరి మామిడి చెట్టుంది. దాని పండు తిన్న రోజు నుంచి మా చిన్నరసాల ముందు తల దించుకుని తిరుగుతున్నాను. నూజివీడు వాడు ఇంకో ఊరి మామిడిని మెచ్చుకోవడమంటే ఇల్లరికం వెళ్ళినంత పని. ఆ చెట్టుని రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తున్నారని కబురొచ్చింది. అంతే, మొగుడూ పెళ్ళాం విమానమెక్కాం. చిగురు కొమ్మలు కోసి, ఆకులు తుంచి, తడిగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి తెచ్చుకున్నాం. ఆ పెద్దమనిషి ప్రేమగా అంటు కట్టే కత్తి కూడా ఇచ్చాడు. కత్తితో క్యాబిన్లోకి వెళ్తే నన్ను వేరే రకం అతిథిగా చూస్తారు కాబట్టి అన్నీ పెద్ద పెట్టెలో పెట్టి చెకిన్ చేశాం. మేం దిగేసరికి అక్కడ రంపాలు సిద్ధంగా ఉంటాయి. అంటే మళ్ళీ వెళ్ళి కోసుకునే వీల్లేదు. ఆ పుల్లలు ఎండితే ఆ చెట్టు వంశం అంతటితో సరి.

"ఏవండీ, తిరగడం ఆపండి. కళ్ళు తిరుగుతున్నాయి," అంది మా ఆవిడ. ఫోన్ తీసింది. పెట్టె అట్టడుగున, బట్టల మధ్య ఆవిడ ఒక బిళ్ళ పెట్టింది. ట్రాకర్ ట్యాగ్ అంటారు. మన పది రూపాయల నాణెం బాగా భోంచేస్తే ఎంతుంటుందో అంతుంటుంది. "మన పెట్టె విమానం మారిన ఊళ్ళోనే ఉంది. నాలుగు నిమిషాల క్రితం కనబడిందట."

"దానికి ఆకాశంలోంచి ఉపగ్రహం చూస్తోందా?"

"ఉపగ్రహం లేదు, మీ మొహం లేదు. అది చిన్నగా సంకేతం వేస్తుంటుంది. పక్కనుంచి వెళ్ళే ఎవరి ఫోనైనా దాన్ని విని, ఫలానా చోట ఉందని పంపిస్తుంది. ఆ ఫోన్ వాడికి కూడా తెలీదు."

అంటే మా వీధి పిన్నిగార్ల పద్ధతే. కాకపోతే వాళ్ళకి బాగా తెలుసు.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీ బ్యాగ్ ఇదే ఫ్లైట్‌లో లోడ్ అయినట్టు చూపిస్తోంది సార్. ఇక్కడే ఎక్కడో ఉంటుంది. వెతికిస్తాం," అంది.

మా ఆవిడ ఫోన్ ముందుకు జరిపింది. "అమ్మా, మీ కంప్యూటర్ ఎక్కించానంటోంది, మా పెట్టేమో దిగబడ్డానంటోంది. పెట్టె మాటే నమ్ముదామా?"

ఆ అమ్మాయి నవ్వి, ఫిర్యాదు నమోదు చేసి నంబరిచ్చింది. మా ఆవిడ ఫోన్లోంచి పెట్టె జాడ చూపించే లింకు పంపితే దాన్నీ ఫిర్యాదుకి జతచేసి, అవతలి ఊరికి ఫోన్ చేసింది. కాసేపటికి జవాబొచ్చింది. పెట్టె ఇంకో ఊరి సామాన్ల గుంపులో నిలబడి ఉందట, ఎవరో తెలియని పెళ్ళివారితో కలిసిపోయినట్టు. ఆ బిళ్ళే లేకపోతే మేం గన్నవరంలో ప్రతి మూలా వెతుకుతూ ఉండేవాళ్ళం, అదేమో అక్కడ హాయిగా ఉండేది.

"రేపటి ఫ్లైట్‌కి వేయిస్తాం. ఇంటికే పంపిస్తాం. అడ్రస్ చెప్పండి సార్."

నేను గర్వంగా చెప్పాను: "నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే రోడ్డు. మామిడితోట ఎదురుగా, పచ్చ గేటు."

మా వైపు ఇలాగే చెబుతాం. తరతరాలుగా పెళ్ళి శుభలేఖలు కూడా ఇలాగే చేరాయి.

ఇంటికి రాగానే అంటు కట్టే మేస్త్రి ఫోన్. "ఏంటండీ, టెంక మొక్కలు సంచుల్లో నిలబెట్టి కూర్చున్నా. పెళ్ళికొడుకులేరి?"

"దార్లో ఉన్నారు."

"తడి ఆరిపోతే పెళ్ళికొడుకులు కాదు, పొయ్యిలో పుల్లలే. నన్ననకండి."

మర్నాడు మధ్యాహ్నం నుంచి మా ఆవిడ ఫోన్ ముందు మేం ముగ్గురం కూర్చున్నాం. మేస్త్రి కూడా వచ్చేశాడు. పెట్టె చుక్క గన్నవరంలో దిగింది. హనుమాన్ జంక్షన్ దగ్గర కనబడింది. అక్కణ్ణుంచి మా దారి పట్టింది. నూజివీడు వచ్చింది. మా గేటు తెరిచి నిలబడ్డాను, గవర్నరుగారికి స్వాగతం పలుకుతున్నట్టు. చుక్క మా ఇల్లు దాటి ముందుకెళ్ళింది. తరవాత ఆగిపోయింది.

"పాడైందేమో," అన్నాను.

"పాడవలేదు. అక్కడ తోటలే కదా, పక్కన ఫోనున్న మనిషి పోతేనే కదా కబురొచ్చేది. ఇది పావుగంట క్రితం మాట," అంది ఆవిడ.

ఇంతలో డ్రైవర్ ఫోన్ చేశాడు. "సార్, పెట్టె ఇచ్చేశానండి. మామిడితోట ఎదురుగా, పచ్చ గేటు. పెద్దావిడ తీసుకున్నారు."

మేస్త్రి నా వైపు చూశాడు. "ఈ రోడ్డు మీద మామిడితోట ఎదురుగా లేని ఇల్లేదో చెప్పండి. అది వెతుక్కోవడం తేలిక."

కారు తీశాం. చుక్క చూపించిన చోట నాలుగు గేట్లున్నాయి, మూడు పచ్చవే. మా ఆవిడ దిగి ఫోన్ పట్టుకుని నడిచింది. ఒక గేటు దగ్గర ఫోన్, బిళ్ళ ఒకదాన్నొకటి పసిగట్టాయి. ఆవిడ మోగించే బటన్ నొక్కింది. లోపలి నుంచి సన్నగా కిచకిచ మంది.

అరుగు మీద నులకమంచం. దాని మీద మా పెట్టె, వాన జల్లు పడకుండా గోనెసంచి కప్పుకుని, కాపురానికొచ్చిన కోడలిలా కూర్చుంది. పక్కన ఒక పెద్దావిడ బెదురుగా నిలబడింది.

"ఎవరండీ బాబూ మీరు? అల్లుడు పంపించాడనుకుని తీసుకున్నా. లోపల కోడిపిల్లలున్నాయా ఏంటి, అరుస్తున్నాయి?"

"కోడిపిల్లలు కాదు పిన్నిగారూ, మామిడి పుల్లలు," అన్నాను. అది విని ఆవిడ ఇంకా బెదిరింది.

అక్కడే తెరిచాం. మేస్త్రి కవరు విప్పి, ఒక పుల్ల తీసి, గోటితో బెరడు గీరాడు. పచ్చటి గీత మెరిసింది. గుడ్డ ఇంకా చెమ్మగానే ఉంది.

"బతికే ఉన్నారండీ పెళ్ళికొడుకులు. ఇంకో రెండు రోజులైతే మాత్రం నేను మాటిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు.

"అంత దూరం నుంచి తెచ్చారా? మా పెరట్లో పారేసిన టెంకలోంచి మొలిచిన మొక్కొకటుంది," అంది పెద్దావిడ. "మీ పెట్టెని తడవకుండా కాపాడాను కదా, దానికొకటి కట్టించండి."

నేను లెక్కలేయడం మొదలెట్టేలోగా మా ఆవిడ, "కట్టు మేస్త్రీ," అంది. ఉత్తరాది నుంచి వచ్చిన కత్తితో మొదటి అంటు ఆ ఇంటి పెరట్లో పడింది. మిగతావన్నీ ఆ సాయంత్రమే మా షెడ్డులో కట్టాడు. కొన్ని ఎండిపోయాయి, ఎక్కువ భాగం పట్టాయి.

ముందుగా చిగురేసింది ఎవరిదో అడక్కండి. ఆవిడే ఫోన్ చేసి చెప్పింది: "బాబూ, మాది రాగి రంగులో చిగురు పెట్టింది. మీవింకా లేవలేదా?" చూడ్డానికి రమ్మంటే వెళ్ళాను. దారి నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. వాళ్ళింట్లో కాఫీ తాగుతూ, ఉత్తరాదిలో ఇప్పుడు తారు రోడ్డయిన చెట్టు ఇక్కడ ఆకు విప్పుకుంటుంటే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.